ఒకే ఫ్రేములో రెండు క్షణాలు: పాత డీవీ టేపులో కారు వేగం కొలిచిన కేసు

రోడ్డు పక్కన స్టాండు మీద బిగించిన కెమెరాతో తీసిన పాత మినీడీవీ టేపు ఇది. పాల్ టీవీ పద్ధతి, 720×576, సెకనుకు 25 ఫ్రేములు. ఒక కారు ఎడమ నుంచి కుడికి కెమెరా ముందు అడ్డంగా వెళ్లిపోతుంది. దాని వేగం ఎంతో తేల్చాలి. వరుసగా ఉన్న రెండు ఫ్రేముల్ని బొమ్మలుగా తీసి, ముందు చక్రం నడిబొడ్డు ఎన్ని పిక్సెళ్లు జరిగిందో ఇద్దరు విడివిడిగా కొలిచారు. ఒకరికి గంటకు 54 కిలోమీటర్లు వచ్చింది, ఇంకొకరికి 18. ఇద్దరూ గుర్తులు జాగ్రత్తగానే పెట్టారు, గుణకారమూ తప్పలేదు. అసలు వేగం 36.

తప్పంతా వాళ్లు కొలిచిన బొమ్మలో ఉంది. ఆ ఫ్రేమును పెద్దది చేసి చూస్తే కారు అంచులన్నీ దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. ఒక లైను ముందుకు, దాని కింది లైను వెనక్కి, మళ్లీ ముందుకు. వెనక ఉన్న గోడ, కరెంటు స్తంభం మాత్రం నున్నగా ఉంటాయి. కదిలే వస్తువుకే పళ్లు వస్తాయి, ఆగి ఉన్నదానికి రావు. కారణమేమిటో ఈ ఒక్క సంగతే చాలావరకు చెప్పేస్తుంది.

పళ్లు ఎందుకు వస్తాయి

ఇంటర్‌లేస్డ్ కెమెరా 576 లైన్లను ఒకేసారి పట్టదు. ముందు ఒక లైను విడిచి ఒక లైను చొప్పున 288 లైన్లు పడుతుంది. సెకనులో 50వ వంతు, అంటే 20 మిల్లీసెకన్ల తర్వాత విడిచిన 288 లైన్లు పడుతుంది. ఈ ఒక్కో సగాన్ని ఫీల్డ్ అంటారు. లైన్లను పైనుంచి 0, 1, 2 అని లెక్కపెడితే సరి సంఖ్య లైన్లన్నీ పై ఫీల్డ్, బేసి సంఖ్య లైన్లన్నీ కింది ఫీల్డ్. రెండింటినీ ఒకదానిలో ఒకటి దూర్చి ఒక ఫ్రేముగా దాస్తారు. సెకనుకు 25 ఫ్రేములని ఫైలు చెబుతుంది కానీ టేపులో ఉన్నవి నిజానికి సెకనుకు 50 చూపులు, ఒక్కోటీ సగం ఎత్తుతో.

పాత ట్యూబు టీవీ ఈ ఫీల్డులను విడివిడిగా, వచ్చిన వరుసలోనే తెర మీద గీసేది. ఒక సగం కనిపించేసరికి మునుపటి సగం వెలుగు చాలావరకు ఆరిపోయేది కాబట్టి అక్కడ పళ్లు కనపడేవి కావు. సెకనుకు 50 సార్లు తెర వెలగడం వల్ల మినుకుమినుకుమనే ఇబ్బంది తగ్గింది, 25 పూర్తి ఫ్రేములకు సరిపడే బ్యాండ్‌విడ్త్‌తోనే పని జరిగింది. ఆ కాలానికి అది చాలా తెలివైన ఏర్పాటు. ఫ్రేమును ఆపి, బొమ్మగా తీసి చూసినప్పుడే చిక్కు వస్తుంది. 20 మిల్లీసెకన్ల తేడా ఉన్న రెండు క్షణాలు అప్పుడు ఒకే బొమ్మలో పక్కపక్కన కూర్చుంటాయి.

ఈ కేసులో పన్ను పొడవు 16 పిక్సెళ్లు. అంటే 20 మిల్లీసెకన్లలో కారు 16 పిక్సెళ్లు జరిగింది. కొలత తెలిసినవాడికి పన్ను పొడవే ఒక వేగమాపకం.

ఇక ఆ 54, 18 ఎలా వచ్చాయో చూద్దాం. మొదటి ఫ్రేములో ముందు పట్టిన ఫీల్డులో చక్రం 0 దగ్గర ఉందనుకుందాం. తర్వాతి ఫీల్డులో 16 దగ్గర ఉంటుంది. రెండో ఫ్రేములో అదే చక్రం 32, 48 దగ్గర కనిపిస్తుంది. ఒకరు మొదటి ఫ్రేములో వెనక పన్నునీ రెండో ఫ్రేములో ముందు పన్నునీ పట్టుకున్నారు కాబట్టి 48 పిక్సెళ్లు వచ్చాయి. ఇంకొకరు అందుకు తిరగేసి పట్టుకున్నారు, 16 వచ్చాయి. ఇద్దరూ దాన్ని 40 మిల్లీసెకన్లతోనే భాగించారు. రావలసినది 32.

ఎక్కువ ఫ్రేములు తీసుకుంటే ఈ పొరపాటు పలచబడుతుంది. పది ఫ్రేముల దూరంలో 320 పిక్సెళ్లకు 16 అటూఇటూ అంటే 5 శాతం. కానీ బ్రేకు ఎక్కడ పడిందో, వేగం ఎక్కడ తగ్గిందో చూడాలంటే అంత పొడుగు సగటు పనికిరాదు. స్కేలు కూడా చెడుతుంది. రెండు చక్రాల మధ్య దూరాన్ని అదే ఫ్రేములో కొలుస్తూ ఒక చక్రాన్ని ఒక ఫీల్డులో, రెండోదాన్ని ఇంకో ఫీల్డులో పట్టుకుంటే 192 రావలసిన చోట 176 గానీ 208 గానీ వస్తుంది.

ఫైలు ఏ స్థితిలో ఉంది

రెండు ఫీల్డుల్ని విడదీసి పళ్లు పోగొట్టడాన్ని డీఇంటర్‌లేస్ చేయడం అంటారు. ఆ పని చేసేముందు చూడాల్సింది, ఆ పళ్లు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయా అని. ఈ కేసులో మొదట చేతికొచ్చింది 640×480 ఎంపీ4. ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూస్తే ఒక లైను అటు, ఒక లైను ఇటు అన్న నికరమైన పళ్లు లేవు. కొన్ని చోట్ల పళ్లు పదునుగా ఉన్నాయి, కొన్ని చోట్ల మసకబారాయి, ఆ తీరు ప్రతి ఐదు లైన్లకూ మళ్లీ వస్తోంది. 576 లైన్లను 480కి కుదిస్తే ఆరు లైన్లు ఐదవుతాయి. అలా కుదించేటప్పుడు పక్క లైన్లు కలిసిపోతాయి, పక్క లైన్లంటే ఇక్కడ వేర్వేరు క్షణాలు. ఒకసారి అలా కలిశాక ఏ ఫిల్టరూ వాటిని నమ్మకంగా విడదీయలేదు. వంటలో ఉప్పు కలిసిపోయినట్టే.

అందుకే వరుస మారకూడదు. డీఇంటర్‌లేసింగ్ ముందు, ఎత్తు మార్చడం తర్వాత. వంపు సరిచేయడం, కుదుపు తగ్గించడం, నాయిస్ తీయడం కూడా దాని తర్వాతే. కుడి ఎడమ అంచుల్ని కత్తిరించడమే ఒక్కటి ముందు చేసినా ఫర్వాలేదు. పై అంచును కత్తిరించాల్సి వస్తే పైనుంచి తీసేసే లైన్ల సంఖ్య సరి సంఖ్యగా ఉండాలి, లేకపోతే పై ఫీల్డ్ కిందిది, కిందిది పైది అయిపోతుంది.

ఆ ఎంపీ4ను పక్కన పెట్టి అసలు టేపునే ఫైర్‌వైర్ తీగతో మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. డీవీ టేపుకు ఇది పెద్ద వరం. టేపు మీద ఉన్న డిజిటల్ డేటానే కంప్యూటర్లోకి కాపీ అవుతుంది, మళ్లీ కుదింపు జరగదు. అదే టేపును ప్లేయర్ అనలాగ్ సాకెట్ నుంచి పట్టుకుంటే సిగ్నల్ అనలాగ్‌కు మారి, మళ్లీ డిజిటల్‌కు మారి వస్తుంది, అంచులు మెత్తబడతాయి.

ఎక్కించిన ఫైలును ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో ఇలా పరీక్షించవచ్చు:

```
ffmpeg -hide_banner -i tape.dv -vf idet -an -frames:v 500 -f null -
```

చివర్లో వచ్చే `Multi frame detection` వరుసలో `TFF`, `BFF`, `Progressive`, `Undetermined` అని నాలుగు లెక్కలుంటాయి. పై ఫీల్డ్ ముందు పట్టినవెన్ని, కింది ఫీల్డ్ ముందు పట్టినవెన్ని, ఇంటర్‌లేస్ ఆనవాళ్లు లేనివెన్ని, తేలనివెన్ని అని వాటి అర్థం. కదలిక లేని ఫ్రేముల్ని ఇది `Progressive` అనో తేలలేదనో అంటుంది, ఎందుకంటే అక్కడ పళ్లే ఉండవు. అందుకని కారు కదులుతున్న ముక్కను మాత్రమే ఇచ్చి చూడాలి. ఆ ముక్కలో లెక్కంతా `BFF` వైపే పోయింది. డీవీలో కింది ఫీల్డే ముందు ఉంటుంది కాబట్టి అది ఊహించినదే.

ఏ ఫీల్డ్ ముందు

ఫైలు మీదున్న లేబులునూ `idet` లెక్కనూ చూసి ఊరుకోకూడదు, కంటితో తేల్చుకోవాలి. లేబులు తప్పుగా ఉన్న ఫైళ్లు చాలానే ఉంటాయి. ముఖ్యంగా డీవీ నుంచి ఇంకో ఫార్మాట్‌కు మార్చినవాటిలో. తేల్చుకునే పద్ధతి సులువు. ఫీల్డులను విడదీసి బొమ్మలుగా రాయాలి:

```
ffmpeg -i tape.dv -vf "setfield=bff,separatefields" -pix_fmt gray -fps_mode passthrough fld_%05d.png
```

ఒక్కో బొమ్మా 720×288 ఉంటుంది, సెకనుకు 50 వస్తాయి. పాత ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో `-fps_mode passthrough` బదులు `-vsync 0` రాయాలి. ఈ ఐచ్ఛికం మరిచిపోతే కొన్ని ఫైళ్లలో ఫ్రేములు రెట్టింపు కావడమో జారిపోవడమో జరిగి కాలం లెక్క చెడుతుంది. నలుపు తెలుపులో రాయడానికి కారణం, స్థానం కొలవడానికి వెలుగు సమాచారం ఒక్కటే చాలు. పాల్ డీవీలో రంగు సమాచారం అడ్డంలో సగం, నిలువులో సగమే ఉంటుంది, అంచు గుర్తించడానికి దాన్ని నమ్ముకోవాల్సిన పని లేదు.

ఇప్పుడు ముందు చక్రం నడిబొడ్డును వరుసగా ఆరు ఫీల్డుల్లో గుర్తించాలి. ఈ కేసులో వచ్చిన అడ్డు స్థానాలు 212.3, 228.1, 244.4, 260.2, 276.3, 292.2. ఫీల్డు ఫీల్డుకూ తేడా 16కి అటూఇటూగా, ఎప్పుడూ ముందుకే. వరుస సరిగా ఉందనడానికి ఇదే రుజువు.

అదే ఫైలును పై ఫీల్డ్ ముందని చెప్పి విడదీస్తే 228.1, 212.3, 260.2, 244.4, 292.2, 276.3 అని వస్తుంది. అంటే కారు 16 వెనక్కి, 48 ముందుకు, మళ్లీ 16 వెనక్కి. వీడియోగా ఆడించి చూస్తే కారు వణుకుతూ పోతున్నట్టుంటుంది. ప్రమాదమేమిటంటే చాలా దూరం మీద సగటు తీస్తే ఈ తప్పు వరుసలో కూడా దాదాపు 16 వచ్చేస్తుంది. అందుకే సగటు ఒక్కటే చూస్తే తప్పు దొరకదు, ఫీల్డు ఫీల్డుకూ తేడా చూడాలి. వేగంలో మార్పు కోసం చూసే పనైతే ఈ వణుకే బ్రేకు వేసినట్టూ, ఒక్కసారిగా లాగినట్టూ కనిపిస్తుంది.

విడదీసిన ఫీల్డులో కొలత

కారు మోడలు తెలుసు, రెండు చక్రాల నడిబొడ్డుల మధ్య దూరం 2.40 మీటర్లు. ఒకే ఫీల్డులో రెండు చక్రాల్నీ కొలిస్తే 192 పిక్సెళ్లు. అంటే పిక్సెలుకు 1.25 సెంటీమీటర్లు. ఈ కొలతను కారు ఎడమ వైపున్నప్పుడు ఒకసారి, కుడి వైపున్నప్పుడు ఒకసారి తీసి చూడాలి. ఇక్కడ 191కీ 193కీ మధ్యే వచ్చింది కాబట్టి కారు కెమెరాకు అడ్డంగానే వెళ్లిందనీ, లెన్సు వంపు ఇక్కడ లెక్కలోకి రాదనీ అనుకోవచ్చు. ఒక వైపు పెద్దగా, ఇంకో వైపు చిన్నగా వచ్చి ఉంటే ఒకే స్కేలుతో లెక్క నడవదు.

మొదటి ఫీల్డు నుంచి ఆరో ఫీల్డుకు, ఐదు ఫీల్డుల కాలంలో, చక్రం 212.3 నుంచి 292.2కి వెళ్లింది, అంటే ఫీల్డుకు 15.98 పిక్సెళ్లు. 1.25తో గుణిస్తే 19.98 సెంటీమీటర్లు. దానికి పట్టిన కాలం 20 మిల్లీసెకన్లు. సెకనుకు 9.99 మీటర్లు, గంటకు 36 కిలోమీటర్లు. చక్రం గుర్తులో రెండు చివర్లా కలిపి ఒక పిక్సెలు, స్కేలులో ఒక పిక్సెలు తప్పు ఒప్పుకుంటే మొత్తం 2 శాతం లోపు. కాబట్టి 36కి ఒక కిలోమీటరు అటూఇటూ అని రాయవచ్చు.

ఇందులో నిలువు కొలత ఎక్కడా వాడలేదు, అది కావాలనే. పాల్ 4:3లో పిక్సెలు చదరంగా ఉండదు, అడ్డం కాస్త ఎక్కువ. విడదీసిన ఫీల్డులోనైతే నిలువు కొలత సగానికి నొక్కుకుపోయి ఉంటుంది. అడ్డు స్కేలును అడ్డు కదలికకే వాడినంతకాలం ఈ రెండూ బాధించవు.

నిలువు కదలిక కూడా కావాల్సిన పనైతే, గెంతే బంతి లాంటిదైతే, ఇంకో మెలిక ఉంది. పై ఫీల్డులో k వ లైను ఫ్రేములో 2k వ లైను. కింది ఫీల్డులో k వ లైను ఫ్రేములో 2k+1 వ లైను. ఈ ఒక్క లైను తేడా కలపకపోతే ఆగి ఉన్న స్తంభం పైకొస కూడా ఫీల్డు ఫీల్డుకూ పైకీ కిందికీ ఎగురుతుంది. ఆగి ఉన్న వస్తువును ఒకదాన్ని ఎంచుకుని దాని స్థానం కూడా కొలుస్తూ పోవడం మంచి అలవాటు. అది కదిలిందంటే తప్పు మన లెక్కలోనే ఉంది.

షట్టర్ సంగతి కూడా చూసుకోవాలి. పన్ను 16 పిక్సెళ్లుండి దాని కొన పదునుగా ఉంటే షట్టర్ వేగంగా ఉందన్నమాట. సెకనులో 50వ వంతు తెరిచి ఉంటే ఒక్కో ఫీల్డులోనే చక్రం అంచు 16 పిక్సెళ్ల మేర అలుక్కుపోతుంది. దాన్ని డీఇంటర్‌లేసింగ్ తీయలేదు, అది ఫీల్డు లోపల జరిగిన కదలిక. అలాంటప్పుడు అలుకు మధ్య బిందువును అన్ని ఫీల్డుల్లోనూ ఒకే తీరుగా పట్టుకోవడం తప్ప మార్గం లేదు.

చూడటానికి వేరు, కొలవడానికి వేరు

సగం ఎత్తున్న ఫీల్డుల్ని నివేదికలో పెడితే చదివేవారికి అర్థం కాదు. పూర్తి ఎత్తున్న బొమ్మలు కావాలి. అందుకు `bwdif` ఫిల్టరు బాగా పనిచేస్తుంది:

```
ffmpeg -i tape.dv -vf "bwdif=mode=send_field:parity=bff:deint=all" -fps_mode passthrough v_%05d.png
```

ఇది ఒక్కో ఫీల్డునూ తీసుకుని, లేని 288 లైన్లను పక్క లైన్ల నుంచీ ముందు వెనక ఫీల్డుల నుంచీ అంచనా కట్టి నింపుతుంది. కదలిక లేని చోట పక్క ఫీల్డులోని అసలు లైన్లకు దగ్గరగానే వస్తుంది కాబట్టి గోడ పదును తగ్గదు. `send_field` అన్న మాట ముఖ్యం. దానితో సెకనుకు 50 బొమ్మలు వస్తాయి. `send_frame` అంటే 25 మాత్రమే వస్తాయి, సగం కాలం పోతుంది. ఇదే పని చేసే `yadif` ఫిల్టరులో ఏమీ చెప్పకపోతే 25 ఇచ్చేదే నడుస్తుంది, చాలామంది తెలియకుండానే ఇక్కడ సగం కొలతలు పోగొట్టుకుంటారు. `deint=all` పెట్టకపోయినా అన్ని ఫ్రేములమీదా పనిచేస్తుంది, అయినా కమాండులో కనిపించేలా రాసిపెడితే తర్వాత ఎవరూ అనుమానపడరు.

రెండు ఫీల్డుల్నీ కలిపి సగటు చేసే పద్ధతి, బ్లెండ్ అంటారు, కొలతకు అసలు వాడకూడదు. పళ్లు మాయమై బొమ్మ నున్నగా కనిపిస్తుంది నిజమే. కానీ చక్రం రెండు నీడలుగా, 16 పిక్సెళ్ల ఎడంలో ఉంటుంది. ఆటోమేటిక్ ట్రాకరుకు ఇస్తే ఒక ఫ్రేములో ఒక నీడను, ఇంకో ఫ్రేములో రెండో నీడను పట్టుకుంటుంది. అంటే మొదట వచ్చిన 54, 18 గొడవే ముసుగు వేసుకుని మళ్లీ వస్తుంది, ఈసారి పళ్లు లేవు కాబట్టి ఎవరూ గమనించరు.

`bwdif` బొమ్మ మీద కొలిచినా చాలావరకు సరిగ్గానే వస్తుంది. అయినా అందులో సగం లైన్లు కెమెరా చూసినవి కావు. సన్నని అంచు వేగంగా కదిలే చోట అంచనా పొరపడి చిన్న నీడ వేయగలదు. అందుకే అంకెలన్నీ విడదీసిన ఫీల్డుల్లోంచే తీసుకోవడం, `bwdif` బొమ్మలను చూపించడానికి మాత్రమే వాడటం మేలు.

ఒక చిన్న హెచ్చరిక. సినిమా ఫిల్ము నుంచి టేపుకు ఎక్కిన దృశ్యమైతే పళ్లున్నా డీఇంటర్‌లేస్ చేయకూడదు. అక్కడ రెండు ఫీల్డులూ ఒకే ఫిల్ము గడి నుంచి వచ్చినవే, జతలు మాత్రం మారి ఉంటాయి. ఫీల్డుల్ని వరుసగా దాటుతూ చూస్తే ఒకసారి కదిలి, ఒకసారి ఆగి, మళ్లీ కదులుతుంది. అలాంటిదానికి సరైన జతను వెతికి కలిపే `fieldmatch` కావాలి. ఈ కేసులో ప్రతి ఫీల్డులోనూ కారు కదిలింది, కాబట్టి ఆ అనుమానం లేదు.

నంబరు ప్లేటు

చివరిగా అడిగింది ప్లేటు మీది అక్షరాలు. ఫ్రేములో అక్షరం ఎత్తు 12 లైన్లు, అంటే ఒక్కో ఫీల్డులో 6 లైన్లే. `bwdif` బొమ్మలో అక్షరం 12 లైన్లుగా కనిపించినా అందులో 6 అంచనా, వాటిని చూసి అది బీయా ఎనిమిదా అని తేల్చడం తప్పు.

కారు కచ్చితంగా అడ్డంగానే, ఫీల్డుకు 16 పిక్సెళ్లు జరిగిందని ఇప్పుడు తెలుసు కాబట్టి ఇంకో దారి ఉంది. పళ్లున్న అసలు ఫ్రేమునే నలుపు తెలుపులో తీసుకుని, తర్వాత పట్టిన పై ఫీల్డును మాత్రం 16 పిక్సెళ్లు వెనక్కి జరిపి మళ్లీ అల్లాలి:

```
import cv2, numpy as np
f = cv2.imread("frame_0120.png", 0)
g = f.copy()
g[0::2] = np.roll(f[0::2], -16, axis=1)
cv2.imwrite("woven.png", g)
```

ఇలా చేస్తే కారు మీది పళ్లు మూసుకుపోయి, ఇంతసేపూ నున్నగా ఉన్న గోడకూ స్తంభానికీ పళ్లు వస్తాయి. అలా రావాల్సిందే. కారు మీద ఇప్పుడున్న 12 లైన్లూ కెమెరా నిజంగా చూసినవే, ఒక్కటీ ఊహించినది కాదు. 15, 17తో కూడా ప్రయత్నించి ప్లేటు అంచు ఏ అంకె దగ్గర నిట్టనిలువుగా నిలుస్తుందో చూడాలి. ఇక్కడ 16 దగ్గరే నిలిచింది, ఫీల్డుల్లో కొలిచిన 15.98తో సరిపోయింది. ఆ 20 మిల్లీసెకన్లలో గతుకు వల్ల కారు ఒక్క లైను ఎగిరినా ఈ అల్లిక చెదురుతుంది. అందుకే గతుకు లేని చోట ఉన్న నాలుగు ఫ్రేముల్ని ఇలా అల్లి, నాలుగింటిలోనూ ఒకేలా చదవగలిగిన అక్షరాలనే రాసి, మిగతా చోట్లు ఖాళీగా వదిలారు.